స్టిక్కర్ హుక్ ఊడాలి, పెయింట్ మాత్రం ఊడకూడదు: ఏ గోడకు ఏ పద్ధతి?

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను సర్దడం ఒక ఎత్తు, గోడలకు అంటించిన స్టిక్కర్ హుక్‌లు తీయడం ఇంకో ఎత్తు. మేకు అయితే పీకేసి ఆ చిల్లులో కాస్త లప్పం పెట్టేస్తే అయిపోతుంది. కానీ మేకులు కొట్టొద్దని ఓనర్ మొదటి రోజే చెబుతాడు కాబట్టి అందరం ఈ అంటించే హుక్‌లే కొంటాం. అంటించినప్పుడు గోడకు ఏమీ కాదు. తీసేటప్పుడే హుక్‌తో పాటు అరచేతంత పెయింట్, దాని వెనక తెల్లగా లప్పం కూడా ఊడి చేతికొస్తాయి.

ఎలా తీయాలని నలుగురిని అడిగితే నాలుగు చిట్కాలు చెబుతారు. ఒకరు హెయిర్ డ్రయర్ పెట్టమంటారు, ఒకరు కొబ్బరినూనె రాయమంటారు, ఇంకొకరు శానిటైజర్, మరొకరు దారం. వాళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల ఇంట్లో అది పనిచేసే ఉంటుంది. కాకపోతే బాత్రూం టైల్ మీద పనిచేసిన నూనె డిస్టెంపర్ గోడ మీద పోని మరక చేస్తుంది. ఆయిల్ పెయింట్‌ను ఏమీ చేయని స్పిరిట్ ఎమల్షన్‌ను మెత్తబరిచి గుడ్డకు అంటిస్తుంది. అందుకే ముందు గోడ ఏదో తేల్చుకోవాలి, తర్వాత హుక్ ఏ రకమో చూడాలి, పద్ధతి ఆ తర్వాతి మాట.

గోడను ముందు పరీక్షించండి

మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో గోడ అంటే ఇటుక మీద సిమెంట్ ప్లాస్టరింగ్, దాని మీద లప్పం, ఆ పైన ప్రైమర్, చివర రంగు. హుక్ వెనక జిగురు పట్టుకునేది రంగు పైపొరను మాత్రమే. మనం హుక్‌ను లాగినప్పుడు ఆ బలం పొరలన్నింటి మీదా పడుతుంది, వాటిలో ఏది బలహీనమో అది ముందు వదిలేస్తుంది. గట్టి హుక్‌ల జిగురు పట్టు చాలాసార్లు రంగుకూ లప్పానికీ మధ్య పట్టు కన్నా ఎక్కువ. కాబట్టి లాగితే జిగురు వదలదు, గోడే వదులుతుంది.

దీన్నిబట్టి చేయగలిగినవి రెండే. జిగురును మెత్తబరిచి దాని పట్టు తగ్గించాలి, లేదా లాగే బలం గోడ మీద పడకుండా జిగురును మధ్యలోనే కోసేయాలి. వేడి మొదటి పని చేస్తుంది, దారం రెండోది చేస్తుంది. నూనె, స్పిరిట్, థిన్నర్ లాంటివి కూడా జిగురును మెత్తబరుస్తాయి గానీ, వాటికి జిగురు వేరు, రంగు వేరు అన్న తేడా తెలియదు.

మీ గోడ ఏదో తెలుసుకోవడానికి తలుపు వెనకో, బీరువా ఉన్న చోటో, ఎవరికీ కనిపించని మూల చూసుకోండి. తడిగుడ్డతో పదిసార్లు రుద్దండి. గుడ్డకు రంగు, తెల్లటి పొడి అంటితే అది డిస్టెంపర్ లేదా సున్నం. గుడ్డకు మురికే వచ్చి రంగు రాకపోతే ఎమల్షన్. గోడ నున్నగా మెరుస్తూ, నీటి చుక్క వేస్తే పీల్చుకోకుండా జారిపోతుంటే అది ఆయిల్ పెయింట్ అయ్యుంటుంది. పాత ఇళ్లలో వంటగదికి, బాత్రూం బయటి గోడకు, మెట్ల పక్కన నడుము ఎత్తు వరకు ఇది వేసేవాళ్లు.

తర్వాత మాస్కింగ్ టేప్ ముక్క ఒకటి అదే మూలన అంటించి, వేలితో గట్టిగా రుద్ది, ఒక నిమిషం ఆగి నెమ్మదిగా తీయండి. టేప్ వెనక శుభ్రంగా ఉంటే పొరల పట్టు బాగున్నట్టు. పొడి అంటితే అనుమానించాలి. పెచ్చు వచ్చిందంటే మామూలు టేప్‌కే ఆగని గోడ హుక్‌కు అసలు ఆగదని అర్థం.

మూడోది వేలి కణుపుతో హుక్ చుట్టూ కొట్టి చూడటం. గట్టి చప్పుడు వస్తే సరే. డొల్లగా మోగితే లప్పమో ప్లాస్టరింగో లోపలే వదిలేసిందన్నమాట. అలాంటి చోట మీరేం చేసినా పెచ్చు ఊడుతుంది, టెన్షన్ పడి లాభం లేదు. గోడకు చెమ్మ ఉన్నా, ఉప్పు పట్టి తెల్లగా పూసినా అంతే. వానాకాలంలో బయటి వైపు గోడలు, బాత్రూంకు ఆనుకున్న గోడలు ఇలా ఉంటాయి. వీలైతే ఆ గోడల మీది హుక్‌లను ఎండలు వచ్చేదాకా ముట్టుకోకండి.

హుక్ ఏ రకం?

మార్కెట్లో పేర్లు బోలెడు గానీ వెనక ఉండే జిగురును బట్టి చూస్తే ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది కింద చిన్న తోక ఉండే రకం. ఈ తోకను లాగితే పట్టీ సాగి, సన్నబడి, దానంతట అదే గోడను వదిలేస్తుంది. రెండోది పారదర్శకంగా, చదరంగా ఉండే ప్లాస్టిక్ బిళ్ల. మధ్యలో స్టీలు కొక్కెం ఉంటుంది, బేగంబజార్‌లో పదేసి కలిపి ప్యాకెట్లుగా అమ్ముతారు. వెనక పల్చటి జిగురు పొర తప్ప ఇంకేమీ ఉండదు. మూడోది గట్టి ప్లాస్టిక్ లేదా స్టీలు హుక్, దాని వెనక మెత్తటి ఫోమ్ టేప్. తాళాల స్టాండ్లు, తువ్వాలు కడ్డీలు ఎక్కువగా ఈ రకమే.

ఫెవిక్విక్ వేసో, ఎంసీల్ పెట్టో అంటించిన హుక్‌లు వీటిలోకి రావు. అవి వేడికి మెత్తబడి లొంగే రకం కావు. అక్కడ పెయింట్ కాపాడుకోవాలన్న ఆశ వదిలేసి రిపేరు లెక్క వేసుకోవడమే నయం.

తోక ఉన్న హుక్‌కు మిగతా పద్ధతులేవీ అక్కర్లేదు, ఆ తోక సరిగ్గా లాగడం వస్తే చాలు. ఎడమ చేత్తో హుక్ పడిపోకుండా ఊరికే పట్టుకోండి, గోడకు నొక్కొద్దు. కుడి చేత్తో తోకను గోడకు ఆనించినట్టుగా, నేరుగా కిందికి, నెమ్మదిగా లాగండి. అది జానెడు, జానెడున్నర దాకా సాగుతుంది, సాగనివ్వండి. చాలామంది దాన్ని తమ వైపు లాగుతారు. అప్పుడు పట్టీ తెగిపోతుంది, లేదా రంగును పట్టుకుని వచ్చేస్తుంది. తోక ముందే తెగిపోయి ఉంటే ఇక అది మూడో రకం కిందే లెక్క, దాన్ని కింద చెప్పే దారం పద్ధతిలో తీయండి.

ఒకే ఇంట్లో మూడు గోడలు

మా తమ్ముడు నిజాంపేటలో అద్దెకుండిన టూ బీహెచ్‌కే ఈ వేసవిలో ఖాళీ చేశాడు. ఆ ఇంట్లో హాలుకు ఎమల్షన్, బెడ్‌రూంలకు డిస్టెంపర్, వంటగది గోడకు టైల్స్ అయిపోయిన చోటు నుంచి పైకి ఆయిల్ పెయింట్. మూడింటి మీదా హుక్‌లు ఉన్నాయి కాబట్టి ఏ పద్ధతి ఎక్కడ నిలబడుతుందో పక్కపక్కనే కనిపించింది.

హాల్లో తలుపు పక్కన తాళాలు తగిలించే స్టీలు స్టాండు, వెనక ఫోమ్ టేప్. తడిగుడ్డ పరీక్షలో రంగు రాలేదు, టేప్ శుభ్రంగా వచ్చింది, చప్పుడు గట్టిగానే ఉంది. ఇలాంటి గోడకు, ఇలాంటి హుక్‌కు నా ఓటు వేడి, దారం కలిపిన పద్ధతికే.

హెయిర్ డ్రయర్‌ను మధ్య వేడిలో పెట్టి, బెత్తెడున్నర దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా హుక్ అంచుల చుట్టూ ఒక నిమిషం తిప్పాలి. స్టీలు హుక్ అయితే వేడి లోపలికి త్వరగా పాకుతుంది, ప్లాస్టిక్‌కు ఇంకాస్త సమయం పడుతుంది. అంచు మీద వేలు పెడితే వేడిగా తగలాలి గానీ చురుక్కుమనకూడదు. అంతకు మించి వేడి చేయడం అనవసరం, ప్రమాదం కూడా. ఎందుకంటే ఎమల్షన్ కూడా ఒక రకం ప్లాస్టిక్ పొరే, వేడికి అదీ మెత్తబడుతుంది. హుక్ పక్కన రంగు మీద గోటితో మెల్లగా నొక్కి చూడండి. గాటు పడితే వేడి ఎక్కువైనట్టే, రెండు నిమిషాలు చల్లారనివ్వాలి. పెయింటర్ల దగ్గరుండే హీట్ గన్ మాత్రం దీనికి వాడొద్దు. దాన్ని పాత రంగు ఊడగొట్టడానికే వాడతారు, మీ గోడ మీద కూడా అదే పని చేస్తుంది.

ఇప్పుడు దారం. పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, మైనం పూత ఉన్నది తీసుకుంటే సాఫీగా జారుతుంది. అది లేకపోతే చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ తీగ. పూలదారం, కుట్టుదారం ఫోమ్ మధ్యలోకి వెళ్లాక తెగిపోతాయి. సంక్రాంతికి మిగిలిన చైనా మాంజా ఉందని మాత్రం దాన్ని తీయకండి, అది నిషేధించిందే కాక వేళ్లు కూడా కోస్తుంది. ఫ్లాస్‌నైనా మూరెడు తీసుకుని రెండు చివర్లూ రెండు పెన్నులకు చుట్టి పట్టుకుంటే వేళ్లకు గుచ్చుకోదు.

హుక్ పై అంచు నుంచి దారాన్ని ఫోమ్‌లోకి దించి, రంపం ఆడించినట్టు అటూ ఇటూ లాగుతూ కిందికి రావాలి. దారం హుక్ వైపు ఆనుకుని రావాలి, గోడ వైపు కాదు. గోడకు ఆనితే రంగు మీద గీత పడుతుంది. ఫోమ్ తెగుతుంటే చేతికి మెత్తగా తెలుస్తుంది. ఉన్నట్టుండి బిగుసుకుంటే జిగురు చల్లారిందన్నమాట. బలవంతం చేయకుండా ఆగి, మళ్లీ అర నిమిషం వేడి ఇవ్వాలి. మధ్యలో తమ్ముడు "ఇంకాస్తే ఉంది కదన్నా, లాగేద్దాం" అన్నాడు. ఆ చివరి ముక్క దగ్గరే చాలా గోడలు పోతాయి. హుక్ బరువంతా, లాగే బలమంతా అప్పుడు రూపాయి బిళ్లంత చోటు మీద పడుతుంది కాబట్టి, కింది అంచు కూడా పూర్తిగా తెగేదాకా దారం ఆపకూడదు.

హుక్ ఊడాక గోడ మీద ఫోమ్ సగం మిగిలింది. అది మిగలాల్సిందే, దారం పని చేసిందనడానికి అదే గుర్తు. దాన్ని మళ్లీ కొద్దిగా వేడి చేసి, ఒక మూల వేలితో లేపి, గోడకు దగ్గరగా మడిచి వెనక్కి లాగుతూ నెమ్మదిగా తీయాలి. నెమ్మది అంటే నిజంగా నెమ్మదే. ఈ జిగురు త్వరగా లాగితే గట్టిగా పట్టుకుంటుంది, మెల్లగా లాగితే సాగి వదులుతుంది. తెగిన చిన్న చిన్న జిగురు ముక్కలను బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి వచ్చేస్తాయి. అవి కూడా పోయాక, తెల్ల రబ్బరుతో రెండు సార్లు తుడిచి, గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెల లిక్విడ్ వేసి ఆ గుడ్డతో అద్దితే చాలు. ఆకుపచ్చ స్క్రబ్బర్ పెడితే జిగురు పోతుంది గానీ, అక్కడ గోడ నున్నగా మెరిసే మచ్చ పడుతుంది. ట్యూబ్‌లైట్ వెలుగులో పక్క నుంచి చూస్తే అది పెచ్చు కన్నా ముందు కనిపిస్తుంది.

పారదర్శక బిళ్లలకు దారం ఎందుకు కుదరదు

హాల్లోనే క్యాలెండర్‌కు పారదర్శక బిళ్ల ఒకటి ఉంది. దీని వెనక ఫోమ్ లేదు కాబట్టి దారం దూరే సందు లేదు. బలవంతంగా దూరిస్తే దారం రంగునే కోస్తుంది. దీనికి వేడి ఒక్కటే ఆధారం. నయమేమిటంటే ఆ బిళ్ల ప్లాస్టిక్ కూడా వేడికి మెత్తబడి వంగుతుంది. ఒక నిమిషం వేడి చేసి, ఒక మూలను గోటితో గానీ, పాత ఏటీఎం కార్డు అంచుతో గానీ లేపి, ఆ మూలను గోడ వెంబడి వెనక్కి మడిచి లాగాలి. లేచిన ప్రతి వేలెడు దూరానికీ డ్రయర్‌ను ఆ మడత దగ్గరికి తేవాలి. చల్లటి బిళ్లను మధ్యలో కొక్కెం పట్టుకుని మన వైపు లాగితే బిళ్ల మొత్తం ఒక్కసారే లేవడానికి చూస్తుంది, అప్పుడు గోడ తప్పక పోతుంది. కొక్కెం ఉన్నది పట్టుకోవడానికే అన్నట్టు చేయి అటే వెళ్తుంది, అందుకే కొక్కెం తిప్పి తీయడానికి వీలైతే ముందే తీసేయడం మంచిది.

డ్రయర్ లేకపోతే? వేడినీళ్ల బ్యాగును పొడి గుడ్డలో చుట్టి బిళ్ల మీద మూడు నాలుగు నిమిషాలు నొక్కి ఉంచవచ్చు. బల్లపరుపు బిళ్లలకు ఇది డ్రయర్ కన్నా కుదురుగా పనిచేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే వేడి పక్క గోడకు పోకుండా బిళ్లకే తగులుతుంది. పొడుచుకొచ్చిన కొక్కెం ఉంటే మాత్రం బ్యాగు ఆనదు. ఇస్త్రీ పెట్టె ఐడియా ఎవరైనా ఇస్తే వినకండి.

మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడలు సాయంత్రం నాలుగింటికి ముట్టుకుంటేనే వెచ్చగా ఉంటాయి. ఆ గోడల మీది హుక్‌లను ఆ వేళలోనే తీస్తే డ్రయర్ పని సగం ఎండే చేసి పెడుతుంది. అదే హుక్‌ను డిసెంబర్ పొద్దున్నే తీయబోతే జిగురు బిరుసుగా ఉండి మొండికేస్తుంది.

బ్లేడుతో చుట్టూ గీయాలా?

ఇది నేను చాలా ఇష్టపడే పద్ధతి, కాకపోతే అన్ని చోట్లా కాదు. ఎమల్షన్ పొర సాగే గుణం ఉన్న తోలులాంటిది. ఒకచోట లేస్తే అది పక్కకు పాకుతూ ఊడుతుంది, హుక్ రెండు అంగుళాలే అయినా ఊడిన పెచ్చు ఆరు అంగుళాలు ఉండటానికి కారణం ఇదే. హుక్ చుట్టూ ఒక గింజ మందం దూరంలో కొత్త కటింగ్ బ్లేడుతో గీత గీస్తే, ఊడటం ఆ గీత దగ్గర ఆగిపోతుంది. గీత రంగు పొర తెగేంత లోతే ఉండాలి, లప్పంలోకి దిగకూడదు. బ్లేడు బరువు తప్ప చేతి బలం వాడకండి.

అయితే ఆ గీత కూడా గోడ మీద మిగిలిపోతుంది, దానికి టచప్ తప్పదు. కాబట్టి టేప్ పరీక్షలో శుభ్రంగా వచ్చిన గోడకు గీయకుండానే ప్రయత్నించండి. టేప్‌కు పొడి అంటిన ఎమల్షన్ గోడ అయితే గీసిన తర్వాతే మొదలుపెట్టండి. హాల్లో రెండు హుక్‌లకూ బ్లేడు అవసరం రాలేదు. తలుపు వెనక, చెమ్మ ఛాయలు ఉన్నచోట ఇంకొకటి ఉంటే దానికి గీశాం. అక్కడ రంగు కొంత ఊడింది, ఊడినంత మేరా ఆ గీత లోపలే ఊడింది.

డిస్టెంపర్ గోడ: ఇక్కడ లెక్క వేరు

బెడ్‌రూంలో తడిగుడ్డ పెడితే చాలు, రంగు చేతికొచ్చింది. డిస్టెంపర్ పొడిపొడిగా ఉండే రంగు, దాన్ని పట్టి ఉంచే బంక అందులో తక్కువ. దాని మీద ఏ గట్టి హుక్ తీసినా హుక్ మేరకు రంగు కొంత పోతుంది. ఇక్కడ పూర్తిగా కాపాడే పద్ధతి ఏదీ లేదని ముందే ఒప్పుకుంటే పని తేలికవుతుంది. ఎంత తక్కువ పోగొట్టుకుంటామన్నదే ప్రశ్న.

ఒక మేలు ఉంది. పొడి రంగు కాబట్టి ఎమల్షన్‌లా తోలు లేచినట్టు పక్కకు పాకదు, ఊడితే హుక్ కిందిదే ఊడుతుంది. అందుకే ఇక్కడ బ్లేడు అంతగా అక్కర్లేదు. ఫోమ్ హుక్‌లకు వేడి, దారం అవే. ఫోమ్ పొరను చివర లాగేటప్పుడు మాత్రం ఎమల్షన్ మీద చేసిన దానికన్నా రెట్టింపు నిదానం కావాలి. తడిగుడ్డ, సబ్బునీళ్లు, రబ్బరు, ఇవేవీ వాడొద్దు. ఊడదీసిన జిగురునే ఉండ చేసి, మిగిలిన జిగురు మీద అద్ది అద్ది ఎత్తేయండి. జిగురు జిగురుకే బాగా అంటుకుంటుంది.

తమ్ముడి ఇంట్లో బెడ్‌రూం హుక్ కింద బొటనవేలంత మచ్చ తెల్లగా పడింది. ఆ గోడకు అది మంచి ఫలితమనే అంటాను.

నూనె, స్పిరిట్, థిన్నర్

కొబ్బరినూనె చిట్కా ఎందుకు అంత ప్రచారంలో ఉందంటే అది నిజంగానే పనిచేస్తుంది, అద్దాల మీద, టైల్స్ మీద, కప్‌బోర్డు లామినేట్ మీద. అంచుల వెంట రాసి ఒక గంట వదిలేస్తే నూనె మెల్లగా లోపలికి పాకి జిగురును వదులు చేస్తుంది. కానీ రంగు వేసిన గోడ టైల్ కాదు. మెరుపు లేని ఎమల్షన్, డిస్టెంపర్ రెండూ నూనెను పీల్చుకుంటాయి. ముదురు మచ్చ పడుతుంది, సబ్బుతో పోదు. దానికన్నా పెద్ద తలనొప్పి తర్వాత వస్తుంది. ఆ మచ్చ మీద కొత్త రంగు వేస్తే సరిగా పట్టదు, పొర పైకి మళ్లీ మచ్చ తేలుతుంది. పెయింటర్ ఆ ముక్క గీకి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టాల్సి వస్తుంది. చిన్న పెచ్చు ఊడితే చేసే పని కన్నా ఇది ఎక్కువ పని. కిరోసిన్, తుప్పు వదిలించే స్ప్రేలు కూడా ఈ కోవలోకే వస్తాయి.

సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ నూనె మరక చేయవు, ఆరిపోతాయి. కానీ అవి ఎమల్షన్ రంగును మెత్తబరుస్తాయి. దూదితో తుడిచినచోట రంగు దూదికి వస్తుంది, మిగిలినచోట మెరుపు మారుతుంది. గోళ్ల రంగు తుడిచే రిమూవర్, థిన్నర్ ఇంకా ఘాటైనవి, రంగు వేసిన ఏ గోడ దగ్గరికీ తేకండి.

స్పిరిట్‌కు చోటున్నది ఒక్క ఆయిల్ పెయింట్ గోడ మీదే. తమ్ముడి వంటగదిలో గరిటెలు తగిలించే హుక్‌లు ఆ గోడ మీదే ఉన్నాయి. బాగా ఆరి ఏళ్లు గడిచిన ఆయిల్ పెయింట్ కొద్దిసేపు స్పిరిట్ తగిలినా తట్టుకుంటుంది. అక్కడ కూడా హుక్ తీయడానికి వేడి, దారమే వాడి, మిగిలిన జిగురు తుడవడానికి మాత్రం దూదికి కాస్త స్పిరిట్ అద్ది వాడాం. ముందు మూలన ఒక చుక్క పెట్టి చూసుకుని, తుడవగానే తడిగుడ్డతో మళ్లీ తుడిచాం. ఈ గోడ మీద జిడ్డు ముందే ఉంటుంది కాబట్టి నూనె వాడినా కొంప మునగదు, ఆ తర్వాత సబ్బుతో కడగగలిగితే చాలు. మూడు గోడల్లోకీ వంటగది గోడే తేలిగ్గా పని కానిచ్చింది.

అసలు తీయాలా?

పని మొదలుపెట్టే ముందు ఓనర్‌కు ఒక ఫోన్ చేయండి. ఇల్లు ఖాళీ అయ్యాక ఎలాగూ రంగులు వేయిస్తాననీ, ఆ ఖర్చు అడ్వాన్సులోంచి కట్ చేసుకుంటాననీ చాలామంది చెబుతారు. అలాంటప్పుడు మీరు గంటలకొద్దీ దారం ఆడించి లాభం ఏముంది? హుక్‌లన్నీ అలాగే ఉంచేసినా పెయింటర్ లప్పం పట్టీతో తీసి, ఊడినచోట లప్పం పెట్టి రంగు వేస్తాడు, అది అతని రోజువారీ పనే. పైగా మీరు నూనె రాసి వెళ్తే అతని పని పెరుగుతుంది. రంగులు వేయించను, గోడ ఎలా ఇచ్చానో అలాగే కావాలి అని ఓనర్ అంటేనే ఇంత జాగ్రత్త అవసరం. హుక్‌లు తీయకముందు, తీశాక ఫోటోలు తీసి పెట్టుకుంటే అడ్వాన్సు మాట వచ్చినప్పుడు ఉపయోగపడతాయి.

సొంత ఇల్లు అయితే ఇంకో దారి కూడా ఉంది. హుక్ గట్టిగానే ఉంటే, గోడ చూస్తే అనుమానంగా ఉంటే, వచ్చేసారి రంగులు వేయించేదాకా దాన్ని అక్కడే ఉండనివ్వండి. ఏదో ఒకటి తగిలించుకోండి.

పెచ్చు ఊడితే

ఎంత చేసినా కొన్ని ఊడతాయి. ఊడిన పెచ్చును పారేయకండి. రూపాయి బిళ్లంత ముక్క దొరికినా రంగుల షాపుకు పట్టుకెళ్తే దానికి సరిపోయే షేడ్ చూసి కలిపిస్తారు. ఓనర్ దగ్గర పాత షేడ్ నంబర్ ఉంటే ఇంకా మంచిది.

గుంత అంచుల్లో వదులుగా ఉన్నదంతా బ్లేడుతో తీసేసి, అంచులు మెట్టులా లేకుండా ఎమరీ పేపర్‌తో రుద్దాలి. పొడి తుడిచి, లోపల లప్పం పొడిపొడిగా ఉంటే ముందు పల్చటి ప్రైమర్ ఒక కోటు వేయాలి. అది లేకుండా లప్పం పెడితే కొత్త లప్పం పాత పొడికి అంటుకుని మళ్లీ కలిసి ఊడుతుంది. రెడీమేడ్ లప్పాన్ని ఒకేసారి మందంగా నింపకుండా రెండు పల్చటి పూతలుగా పెట్టండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఆరాక సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్ది, వేలు ఆడిస్తే గట్టు తగలకుండా చూసుకుని, ప్రైమర్, ఆ పైన రంగు. బ్రష్ గీతలు కనిపిస్తాయి కాబట్టి గోడకు రోలర్‌తో వేసి ఉంటే చిన్న రోలర్ గానీ స్పాంజి ముక్క గానీ వాడండి.

షేడ్ అచ్చంగా అదే అయినా టచప్ కొంచెం కనిపిస్తుంది. ఎందుకంటే పాత గోడ ఎండకూ దుమ్ముకూ వెలిసి ఉంటుంది, కొత్త రంగు డబ్బాలోంచి ఇప్పుడే వచ్చింది. కిటికీకి ఎదురుగా, కళ్లెదుట ఉన్న గోడ అయితే మచ్చ వేయకుండా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక కోటు వేయించడమే శుభ్రంగా ఉంటుంది. తలుపు వెనక అయితే స్పాంజి అద్దకం చాలు.